ఆ గడిలో ఏం రాయాలంటే

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో అడిగిన మాటకి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, పాప పేరు ఖాయం చేసుకున్నాం. ఫారంలో ఆ పేరు పక్కన ఇంకో గడి ఉంది. మా ఆయన పేరు చివర ఉన్నదే అందులో రాసేయమంటున్నారు అత్తయ్యగారు. మన ఇంట్లో ఎవరి పేరు చివరా అలాంటిది లేదు కదా, అసలెందుకు లేదు?" అన్నావు. ఆ ఎందుకుకి జవాబు 1940లలో మా నాన్న, అంటే నీ ముత్తాత, చేసిన ఒక పనిలో ఉంది. ఫోన్లో రెండు ముక్కల్లో చెబితే నీకది పాతకాలపు పట్టుదలలా వినిపిస్తుంది. అందుకే కాగితం తీసుకున్నాను. నువ్వు ఏం రాయాలనుకున్నా, ఇది ఒకసారి చదివాక రాయి. తొందర లేదు. పుట్టిన ఏడాది లోపు పేరు నమోదు చేయిస్తే రుసుము కూడా ఉండదు.

ముందు మన తెలుగువాళ్ళ పేరు ఎలా కట్టి ఉంటుందో చూడు. మొదట ఇంటిపేరు, తర్వాత పెట్టిన పేరు, కొందరికి చివర మరో ముక్క. ఇంటిపేరు చాలావరకు ఊరిని చెబుతుంది, ఎప్పుడో మనవాళ్ళు వదిలి వచ్చిన ఊరు. పెట్టిన పేరు దేవుణ్ణో, తాతనో, పుట్టిన వారాన్నో చెబుతుంది. చివరి ముక్క కులాన్ని చెబుతుంది. రెడ్డి, చౌదరి, నాయుడు, శాస్త్రి, శర్మ, శెట్టి, గుప్త, రాజు, ఇలా. జనం దాన్ని తోక అంటారు. కాబట్టి మన దగ్గర కులం పేరు వదిలేయడమంటే ఇంటిపేరు వదిలేయడం కాదు, చివరి ముక్కని కోసేయడం. ఈ తేడా గుర్తుపెట్టుకో. నీ ఫారంలో చిక్కంతా దీని దగ్గరే ఉంది.

ఆ ముక్క మీద మా నాన్నకి ఎందుకంత పట్టింపో నేను చిన్నప్పుడు అడిగాను. ఆయన ఉపన్యాసం చెప్పలేదు. మా వీధిలో ఒక పూట వినమన్నారు. విన్నాను. మా నాన్నని ఎవరూ పేరుతో పిలిచేవాళ్ళు కాదు. ఆ చివరి ముక్కకే 'గారూ' చేర్చి పిలిచేవాళ్ళు. ఊళ్ళో అలాంటివాళ్ళందరికీ అదే పిలుపు. పేరేమిటో తెలియకపోయినా ఫరవాలేదు, చివరి ముక్క తెలిస్తే చాలు, మర్యాద దానంతటదే వచ్చేది. అదే వీధిలో మా పొలంలో నాట్లు వేసే ముసలాయన్ని పదేళ్ళ పిల్లలు కూడా పేరు చివర 'గా' తగిలించి పిలిచేవాళ్ళు. ఆయన వయసు మా తాతది. నాన్న అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "ఒకడు నన్నెలా పిలవాలో, నేను వాణ్ణెలా పిలవాలో మేమిద్దరం కలుసుకోకముందే నా పేరు తీర్పు చెప్పేస్తోందిరా." ఆయన వదులుకున్నది నాలుగక్షరాలు కాదు తల్లీ, అడక్కుండా దొరికే ఆ మర్యాద.

మా నెల్లూరు జిల్లాలో ఆయనకి ముందే ఆ పని చేసినవాడు ఒకాయన ఉన్నారు, పుచ్చలపల్లి సుందరయ్యగారు. కోవూరు వైపు అలగానిపాడులో 1913లో పుట్టారు. భూములున్న ఇల్లు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వెంకట సుందరరామిరెడ్డి. మద్రాసులో కాలేజీ చదువు మధ్యలో వదిలేసి, 1930లో పదిహేడేళ్ళ వయసులో ఉప్పు సత్యాగ్రహంలోకి దూకి జైలుకెళ్ళారు. బయటికొచ్చాక సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలని కూడగట్టారు. అక్కడ ఆ పేరు ఎలా అడ్డమొస్తుందో ఊహించు. కూలి పెంచమని కూలీల పక్కన నిలబడ్డ మనిషి పేరులో కూలి ఇచ్చే ఆసామి కులం పలుకుతూ ఉంటే, వాళ్ళు ఆయన్ని ఏమని పిలవాలి? ఎంత దగ్గరికి రానివ్వాలి?

ఆ పేరు ఎలా మారిందో అక్షరాలు విడదీసి చూడు. పుచ్చలపల్లి అన్న ఇంటిపేరు ఉండిపోయింది, అది ఊరి పేరే. 'సుందర' ఉండిపోయింది. 'వెంకట' పోయింది, 'రామిరెడ్డి' కూడా పోయింది. దాని స్థానంలో 'అయ్య' వచ్చింది. నాకిక్కడ కనిపించేది ఇది. ఉత్త 'సుందరం' అన్నా సరిపోయేది. కానీ వీరయ్య, నరసయ్య, పుల్లయ్య అని కూలీల పేర్లలోనూ రైతుల పేర్లలోనూ సమానంగా వినిపించే ముక్క 'అయ్య'. అందులో మర్యాద ఉంది, కులం లేదు. ఒక గోడ తీసేసి ఖాళీ వదిలేయకుండా అక్కడ అందరూ కూర్చునే అరుగు కట్టినట్టయింది. నీ ముత్తాత కూడా అచ్చం అదే చేశారు, చివరి ముక్క తీసి 'అయ్య' పెట్టుకున్నారు. ఆ తీసేసిన ముక్క ఏమిటో నీకు తెలియదు, నేనిక్కడ రాయను కూడా. రాస్తే ఆయన కోసేసిన దాన్ని నా చేత్తో మళ్ళీ అతికించినట్టవుతుంది.

అప్పట్లో ఇది ఒక్క ఊరి గాలి కాదు. మనం అప్పుడు మద్రాసు రాజధానిలో ఉన్నాం. అదే రాజధానిలో 1929 ఫిబ్రవరిలో చెంగల్పట్టులో ఆత్మగౌరవ ఉద్యమం వాళ్ళు మహాసభ పెట్టి, పేర్ల చివర కులం ముక్కలు వదిలేయమని తీర్మానం చేశారు. పెరియార్ రామసామి అప్పటికే తన పేరులోంచి నాయకర్ తీసేశారు. తమిళనాట చాలామందికి మనకున్నట్టు ఇంటిపేరు లేదు. అందుకని కులం ముక్క పోయాక తండ్రి పేరులోని మొదటి అక్షరమే పేరుకి ముందు నిలబడింది. ఇవాళ చెన్నై, కోయంబత్తూరుల్లో తరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో కూడా చాలామందికి అదే అలవాటు. అక్కడి చుట్టాల పిల్లల్ని ఇంటిపేరు అడిగితే పెద్దవాళ్ళని అడిగి చెబుతామంటారు. నాయుడు పోయింది, దాంతోపాటు ఊరి జ్ఞాపకం దాచిన ఇంటిపేరు కూడా జారిపోయింది. ఒకటి వదిలేటప్పుడు రెండోదాన్ని గట్టిగా పట్టుకోకపోతే అలా జరుగుతుందని నీకు చెబుతున్నాను.

ఇక కృష్ణా జిల్లా వైపు గోరాగారి ఇల్లు. ఆయన పూర్తి పేరు గోపరాజు రామచంద్రరావు. ఇంటిపేరులోంచి 'గో', పేరులోంచి 'రా' తీసుకుని గోరా అయ్యారు. బ్రాహ్మణ కుటుంబం. నాస్తికుడినని బాహాటంగా చెప్పినందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకుని, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. తర్వాత అది విజయవాడ పటమటకి వచ్చింది. ఆయనా, సరస్వతి గోరాగారూ పిల్లలకి పెట్టిన పేర్లు చూడు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. ప్రపంచం యుద్ధంలోకి జారుతున్న రోజుల్లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానం నౌ, అంటే హిందీలో తొమ్మిది. ఆ పేర్లలో దేవుడు లేడు, కులం లేదు, తాత లేడు. బిడ్డ పుట్టిన కాలం ఉంది. లవణంగారు జీవితమంతా ఆ ఒక్క మాటతోనే లోకానికి తెలిశారు.

ఇలా కాలాన్ని పేరుగా పెట్టడం ఒక్క నాస్తికుల ఇళ్ళలోనే కాదు. నల్లగొండ జిల్లాలో 1931లో ఒక భూస్వామి ఇంట్లో పుట్టిన ఆడపిల్లకి స్వరాజ్యం అని పేరు పెట్టారు. ఆవిడే తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యంగారు. మా తరగతుల్లో గాంధీలు, సుభాష్ చంద్రబోసులు, లెనిన్లు, స్టాలిన్లు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. ఇంట్లో వాళ్ళు దేన్ని నమ్మారో ఆ పేరే చెప్పేది. కానీ గోరాగారి ఇంటి గురించి నీకు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం వేరే ఉంది. అక్కడ పేరు దగ్గర పని ఆగలేదు. పెద్దమ్మాయి మనోరమగారు దళితుడైన అర్జునరావుగారిని చేసుకున్నారు. గాంధీ బతికి ఉంటే ఆయన చేతుల మీదుగా జరగాల్సిన ఆ పెళ్ళి 1948లో సేవాగ్రాంలో జరిగింది. లవణంగారు మహాకవి జాషువా కూతురు హేమలతగారిని 1960లో చేసుకున్నారు. పేరులోంచి తీసేసిన దాన్ని పెళ్ళి పందిట్లోకి కూడా రానివ్వలేదు వాళ్ళు. చాలామంది తడబడింది అక్కడే.

మన ఇంట్లోనూ తడబడ్డాం. దాచను. నా పెళ్ళి మా కులంలోనే జరిగింది. నేను ఎదురు చెప్పలేదు, నాన్న కూడా పట్టుబట్టలేదు. ఆ బాధ ఆయనకీ ఉండేది, నాకూ ఉంది. 1968లో శుభలేఖలు ఆడపెళ్ళివారే అచ్చు వేయించి పంపారు. కట్ట విప్పి చూస్తే మా తాత పేరు చివరా, నాన్న పేరు చివరా ఆ ముక్క నిక్షేపంగా ఉంది. నాన్న పేరు మార్చుకుని అప్పటికి పాతికేళ్ళు దాటింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. శుభలేఖ మీద అది లేకపోతే ఫలానావాళ్ళతో వియ్యమందామని బంధువులకి ఎలా తెలుస్తుందన్నది వాళ్ళ భయం. నాన్న ఎవరినీ ఒక్క మాట అనలేదు. తాత పేరు తాత ఇష్టమని వదిలేశారు. కలం తీసుకుని 300 శుభలేఖల మీదా తన పేరు చివరి ముక్కని ఒక్కొక్కటిగా కొట్టేశారు. రెండు రాత్రులు పట్టింది. రెండో రాత్రి నేను కూడా పక్కన కూర్చుని సిరా ఆరేదాకా కార్డులు పరిచాను. ఇంతకంటే పెద్ద పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. పేరు మార్చుకున్న నాటితో పని అయిపోదు, మనవాళ్ళు ప్రేమగానే దాన్ని మళ్ళీ మళ్ళీ అతికిస్తూ ఉంటారు. ప్రతిసారీ మళ్ళీ తీసుకోవాల్సిందే.

ఇప్పటిదాకా చెప్పింది ఉన్న గౌరవాన్ని వదులుకున్నవాళ్ళ సంగతి. అవతలి ఒడ్డు కూడా చూడాలి నువ్వు. హైదరాబాదులో 1888లో మాదరి భాగయ్య అని ఒక దళిత బాలుడు పుట్టాడు. దళితులే ఈ నేలకి మొదటి ఏలికలని, 'రెడ్డి' అన్న మాటకి ఏలిక అనే అర్థమని చెప్పి వాళ్ళ కుటుంబ గురువు ఆయన్ని భాగ్యరెడ్డి అన్నాడు. తర్వాత ఆర్యసమాజం వాళ్ళు వర్మ అన్న బిరుదు ఇచ్చారు. అలా ఆయన భాగ్యరెడ్డి వర్మ అయ్యారు. దళిత పిల్లలకి బడులు పెట్టారు. 1917లో బెజవాడలో సభకి అధ్యక్షత వహించి, పంచములని కాదు, ఆది ఆంధ్రులని పిలవండని అడిగినవాళ్ళలో ముందున్నారు. చూశావా, అలగానిపాడు బాలుడు దేన్ని వదిలేశాడో సరిగ్గా అదే మాటని హైదరాబాదు బాలుడు తీసుకున్నాడు. ఇద్దరూ చేసింది ఒకే పని అమ్మడూ. పేరు చూసి మనిషిని కిందో పైనో కూర్చోబెట్టే లెక్కని చెడగొట్టడం. అందుకని ఎవరైనా దళిత కుటుంబం వాళ్ళు వర్మ అనో, చౌదరి అనో, రావు అనో పెట్టుకుంటే, 'వాళ్ళకెందుకు ఆ పేరు' అన్న మాట నీ నోట ఎప్పుడూ రాకూడదు. తోక ఉన్నవాడికే అది తీసేసే సుఖం దొరుకుతుంది. పేరుకే నోచుకోనివాడు ముందు నిండైన పేరు కావాలనుకుంటాడు.

నేను 37 ఏళ్ళు బళ్ళో పనిచేశాను. అడ్మిషన్ రిజిస్టరు నా చేత్తో రాశాను కాబట్టి ఆ మార్పుని దగ్గరనుంచి చూశాను. జూన్ నెలలో పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చిన తండ్రిని పేరు అడిగితే ఇంట్లో పిలిచే పేరే చెప్పేవాడు. పుట్టిన పిల్లలు దక్కడం లేదని దిష్టి తగలకుండా పెట్టిన పెంటయ్యలు ఉండేవాళ్ళు. చివర 'గాడు' తగిలించి చెప్పేవాళ్ళూ ఉండేవాళ్ళు, యజమానుల నోట విని విని అదే పేరనుకున్నారు. "బళ్ళో రాసే పేరు జీవితాంతం ఉంటుంది, మీకు ఇష్టమైన పేరు చెప్పండి" అని నేను కుర్చీ వేసి కూర్చోబెట్టేవాణ్ణి. కొందరు ప్రభాకర్, భాస్కర్, ప్రసాద్ అనేవాళ్ళు. చర్చికి వెళ్ళేవాళ్ళు జాన్, దేవదాసు, కరుణాకర్ అనేవాళ్ళు. తర్వాతి రోజుల్లో అంబేద్కర్, భీమ్‌రావు వచ్చాయి. కుమార్, బాబు, ప్రసాద్, రావు అన్న ముక్కలు ఎందుకంత పెరిగాయో నాకు ఆ రిజిస్టరే చెప్పింది. అవి పలికితే పేరు నిండుగా ఉంటుంది, కులం మాత్రం బయటపడదు. తోక వదిలేసిన ఇళ్ళూ, తోకే లేని ఇళ్ళూ రెండు వైపులనుంచి నడిచి వచ్చి ఆ ముక్కల దగ్గర కలుసుకున్నాయి.

అదే రిజిస్టరులో కులం అని ఇంకో గడి ఉండేది. పేరులోంచి తీసేశాక ఆ గడి ఎందుకని ఒక కుర్ర ఉపాధ్యాయుడు నన్నడిగాడు. నేను చెప్పింది నీకూ చెబుతున్నాను. ఆ గడి స్కాలర్‌షిప్పు కోసం, హాస్టల్ సీటు కోసం, తరతరాలుగా అందనిది అందించడం కోసం. ఆ హక్కు ధ్రువపత్రం మీద నిలబడుతుంది, పేరు చివరి ముక్క మీద కాదు. పేరు మార్చుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. పేరు లోకం పిలవడానికి, పత్రం హక్కు అడగడానికి. ఆ రెండూ కలిపేసి, కులం పేరు వదిలేశాం కాబట్టి కులం సంగతే ఎత్తొద్దని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకు. పేరు వదిలేసిన ఇళ్ళలో భూమి అలాగే ఉంది, పరపతి అలాగే ఉంది. మన ఇంట్లో కూడా.

ఇంకో సంగతి. అప్పట్లో ఆడపిల్లల పేర్ల చివర ఈ ముక్క ఉండేదే కాదు. అన్న పేరు చివర ఉంటే చెల్లెలి పేరు చివర అమ్మ, దేవి, కుమారి ఉండేవి. నేను ఉద్యోగం మానే నాటికి కొత్త విషయం చూశాను. తండ్రి పేరు చివరి ముక్క కూతురి పేరు చివర రావడం మొదలైంది. కారణం గర్వం ఒక్కటే కాదు, నువ్వు చెప్పిన ఆ గడి. ఇంగ్లీషు ఫారం చివరి పేరు అడుగుతుంది. మన ఇంటిపేరేమో ముందు ఉంటుంది. చివర ఏముందని వెతికితే చేతికి దొరికేది ఆ ముక్కే. ఒక వందేళ్ళ పాటు ఇంత మంది కష్టపడి బయటికి పంపిన దాన్ని ఒక ఖాళీ గడి లోపలికి పిలుస్తోంది. నా మనవరాలి కూతురు, పుట్టి ఇరవై రోజులైనా కానిది, మన ఇళ్ళలో ఆడపిల్లలు ఎన్నడూ మోయని దాన్ని మోయకూడదు. నా కోరిక ఇదొక్కటే.

అలాగని ఆ గడిని ఖాళీగా వదిలేయమని చెప్పను. వదిలేస్తే ఏమవుతుందో మన ఎదురింటి కుర్రాడి పాస్‌పోర్టులో చూశాను. పాస్‌పోర్టులో Surname గడి ఖాళీగా ఉండి Given Name ఒక్కటే ఉంటే, అమెరికా వీసా మీద ఆ ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి వెళ్ళిపోయి, అసలు పేరు ఉండాల్సిన చోట FNU అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. అక్కడ బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ఆ మూడక్షరాలే అతని పేరుగా పలికాయట. 2022 నవంబరులో అయితే పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్ళని దుబాయి వైపు సందర్శకుల వీసా మీద రానివ్వబోమన్నారు. తర్వాత రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చాలని సడలించారు. కాబట్టి గడి నింపాలి. దేనితో నింపాలన్నదే నీ చేతిలో ఉంది.

నీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది ఇంటిపేరు. మీ ఆయన ఇంటిపేరు గానీ, ఇద్దరూ ఒప్పుకుంటే మన ఇంటిపేరు గానీ, పూర్తిగా రాయి. ఒక్క అక్షరం రాసి చుక్క పెట్టకు. ఒక చోట అక్షరం, మరో చోట పూర్తి పేరు ఉంటే ఇద్దరు మనుషులవుతారు. ఇంటిపేరుని బట్టి కూడా కులం పసిగట్టేవాళ్ళు ఉంటారని నువ్వంటావు. ఉంటారు. ఇంటిపేరు వినగానే 'మీదే ఊరు' అని ఒకరు, 'ఫలానావాళ్ళు మీకేమవుతారు' అని ఇంకొకరు అడుగుతారు. కానీ ఒకే ఊరి పేరు రెండు మూడు కులాల ఇళ్ళకి ఇంటిపేరుగా ఉంటుంది. అది మొదట ఊరిని చెబుతుంది. అడిగి, ఆరా తీసి, కష్టపడి కులం తెలుసుకోవాలి. తోక అడగకుండానే చెబుతుంది. ఆ మాత్రం తేడా చిన్నది కాదు.

రెండోది మీ ఇద్దరిలో ఒకరి పేరు. నీ పేరే దాని చివరి పేరు కావచ్చు. అమ్మ పేరు మోసే కూతురంటే నాకు ఎంత ముచ్చటో చెప్పలేను. అయితే ఒకటి గమనించు. తండ్రి పేరు రాసేటప్పుడు ఆయన పూర్తి పేరు యథాతథంగా ఎక్కిస్తే చివరి ముక్క వెనక తలుపు గుండా వచ్చేస్తుంది. పెట్టిన పేరు వరకే రాయాలి.

ఏది ఎంచుకున్నా, ఇంగ్లీషు అక్షరాలు ఎలా రాస్తారో ముందే ఒక కాగితం మీద రాసి ఇంట్లో అతికించండి. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి, పాస్‌పోర్టు, అన్నిటికీ ఆ కాగితమే చూసి రాయండి. జనన పత్రం మీద ఉన్నదే మిగతా అన్నిటికీ పునాది. పదో తరగతి సర్టిఫికెట్ మీద పడ్డాక ఒక అక్షరం మార్చాలన్నా ఎంత తిరగాలో నేను బడి వైపు కూర్చుని చూశాను. నాన్న పేరు మార్చుకున్నారే గానీ భూమి కాగితాల్లో పాత పేరే ఉండిపోయింది. ఆయన పోయాక ఆ ఇద్దరూ ఒక్కరేనని రుజువు చేయడానికి నేను నోటరీ అఫిడవిట్టు పట్టుకుని ఏడాది తిరిగాను. ఆయన తప్పేమీ లేదు, ఆ రోజుల్లో పిలుపు మారితే పేరు మారినట్టే. ఇవాళ అలా కుదరదు.

అందుకే మీ ఆయన్ని ఇప్పుడు పేరు మార్చుకోమని ఒత్తిడి చేయకు. పెద్దవాళ్ళు మార్చుకోవాలంటే అఫిడవిట్టు, పేపర్లో ప్రకటన, గెజిట్, ఆ తర్వాత బ్యాంకూ పాన్ కార్డూ పాస్‌పోర్టూ ఒక్కొక్కటిగా దిద్దించుకోవాలి. ఆయనకి మనసైతే ఎప్పుడైనా చేస్తారు. పాప కాగితాల్లో తండ్రి పేరు దగ్గర ఆయన పేరు ఎలా ఉందో అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. పాప సొంత పేరు మాత్రం ఇప్పుడే మొదలవుతోంది. దానికి దిద్దుబాటు అక్కర్లేదు. ఒక్క కాగితం కూడా మార్చకుండా, ఎవరితోనూ తగువు పడకుండా ఈ పని జరిగే సమయం ఒక మనిషి జీవితంలో ఒక్కసారే వస్తుంది. అది ఇప్పుడు మీ ఇంట్లో ఉంది.

మీ అత్తగారిని నొప్పించకు తల్లీ. ఆవిడకి అది కులం అని కాదు, పోయిన మామగారి పేరు, ఇంటి గుర్తు అనిపిస్తుంది. ఆ ప్రేమ నిజమైనదే. "అత్తయ్యా, ఇంటిపేరు పెడుతున్నాం, మామయ్యగారి ఇంటి గుర్తు అదే కదా" అని చెప్పు. వింటారు. వినకపోతే నాతో మాట్లాడించు. నా పెళ్ళి శుభలేఖ ఒకటి నా దగ్గర ఉంది, నాన్న కలం గీత ఇంకా చెరగలేదు. బారసాలకి వచ్చేటప్పుడు తెచ్చి ఆవిడకి చూపిస్తాను.

బియ్యంలో పాప పేరు రాసేటప్పుడు ఆ పేరొక్కటే రాస్తాం కదా. దాన్ని పిలిచేవాళ్ళకి ఆ పేరొక్కటే చాలు.

దీవెనలతో,
మీ తాతయ్య